జమకు బొమ్మేది? యాప్ మెనూల్లో ఎమోజీల గురించి

(మొబైల్ యాప్‌లు తయారుచేసే డెవలపర్లు, డిజైనర్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం. చివరి రెండు ప్రశ్నలు సభ్యులు అడిగినవి.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు స్క్రీన్ కనిపిస్తోందా? సరే. ఇది కిరాణా దుకాణాల వాళ్లు అరువు లెక్కలు రాసుకునే యాప్. పేరు చెప్పను, రంగులు కూడా మార్చేశాను. కింద అయిదు బటన్లు ఉన్నాయి చూడండి: 🏠 📒 💰 📊 ⚙️. ఒక్క అక్షరం కూడా లేదు. ముందటి వెర్షన్‌లో ఇక్కడ హోం, ఖాతాలు, బాకీలు, రిపోర్టులు, సెట్టింగ్‌లు అని తెలుగులో ఉండేవి.

వాటిని ఎందుకు తీసేశారు? అందం కోసం అనుకుంటాం గానీ, అసలు కారణం చోటు. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ వెడల్పు, తెర కొలిచే యూనిట్లలో, 360 డీపీ అనుకుంటే, అయిదు బటన్లకు తలా 72 వస్తుంది. ఇంగ్లిష్‌లో హోం, మనీ లాంటి చిన్న మాటలు అందులో హాయిగా కూర్చుంటాయి. తెలుగులో ‘సెట్టింగ్‌లు’ కూర్చోదు. ‘సెట్టిం...’ అని మూడు చుక్కలు పడతాయి. అక్షరం సైజు తగ్గిస్తే వత్తులు కనిపించవు. లైను ఎత్తు తగ్గిస్తే ‘ట్ట’ కింద వత్తు సగానికి కోసుకుపోతుంది. విడుదల తేదీ దగ్గర పడింది, టెన్షన్ మొదలైంది. ఎవరో ‘ఎమోజీలు పెట్టేద్దాం, అన్ని భాషలకూ పనికొస్తాయి, అనువాదం ఖర్చు కూడా ఉండదు’ అన్నారు. ఇలాంటి నిర్ణయాలు చాలా టీముల్లో ఇలాగే జరుగుతాయి.

ఈ అయిదింట్లో ఇల్లు, గేర్ చక్రం పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. చాలామంది వాటిని వేరే యాప్‌లలో చూసి ఉన్నారు. గేర్ చక్రానికీ సెట్టింగ్‌లకూ పోలికేమీ లేకపోయినా అలవాటు పడ్డారు. 💰 దగ్గరే తడబాటు మొదలైంది. డబ్బు సంచి అంటే ఈరోజు గల్లాలో ఉన్న డబ్బా? రావాల్సిన బాకీనా? యాప్‌కు కట్టాల్సిన చందానా? ముగ్గురిని అడిగితే మూడు సమాధానాలు వస్తాయి. డబ్బు లెక్కల యాప్‌లో డబ్బు బొమ్మ దేనికైనా పెట్టొచ్చు కాబట్టి, ఏ ఒక్కదాన్నీ అది విడిగా చూపించలేదు.

అయినా దీనివల్ల పెద్ద నష్టమేమీ లేదు. తప్పు బటన్ నొక్కితే తప్పు పేజీ తెరుచుకుంటుంది, వెనక్కి వచ్చేస్తారు. నష్టం లోపలి పేజీలో ఉంది. ఒక కస్టమర్ ఖాతా తెరిస్తే కింద రెండు బటన్లు ఉంటాయి: 📤, 📥. యాప్ రాసినవాళ్ల ఆలోచన ఏమిటంటే, 📤 నొక్కితే సరుకు బయటికి వెళ్లింది, అంటే అరువు. 📥 నొక్కితే డబ్బు లోపలికి వచ్చింది, అంటే జమ. డిజైన్ టీము గదిలో కూర్చుని చూస్తే లెక్క సరిగ్గానే ఉంది.

ఇప్పుడు కౌంటర్ దగ్గరికి రండి. సాయంత్రం ఏడు గంటల వేళ, నలుగురు నిలబడి ఉన్నారు. ఒకామె సరుకులు తీసుకుని ‘అన్నా, ఖాతాలో రాసుకో’ అంటుంది. దుకాణం ఆయన ఫోన్ తీస్తాడు. ఖాతాలో వెయ్యాలి. పెట్టెలోకి బాణం దిగుతున్న బొమ్మ ఏది? 📥. దాన్నే నొక్కుతాడు. అరువు రాయాల్సింది జమ అయిపోయింది. ఆయన ఆలోచనలో తప్పేమీ లేదు. తరతరాలుగా మన దుకాణాల్లో అరువు అంటే ఖాతాలోకి ఎక్కించడమే. బాణం లోపలికి పోతోంది కదా అని నొక్కాడు. డిజైనర్ లోపల అంటే గల్లా అనుకున్నాడు, ఆయన లోపల అంటే ఖాతా అనుకున్నాడు. ఎవరి లోపల అన్నది ఆ బొమ్మలో ఎక్కడా లేదు.

రెండో వైపు తప్పు కూడా చూద్దాం. ఒకాయన బాకీ 1,200 రూపాయలు. 500 తెచ్చి ‘జమ చేసుకో’ అన్నాడు. 700 మిగలాలి. బటన్ తారుమారైతే యాప్ 1,700 చూపిస్తుంది. పొరపాటు విలువ 500 అనుకుంటాం గానీ, తేడా 1,000. తీసేయాల్సింది కలిపింది కాబట్టి రెట్టింపు. పైగా ఇలాంటి యాప్‌లు వెంటనే కస్టమర్‌కు మెసేజ్ పంపుతాయి: మీ బాకీ 1,700 అని. డబ్బు కట్టి ఇంటికి చేరేలోపే ఆ మెసేజ్ అందితే ఏమవుతుందో మీకు తెలుసు. ఆ గొడవ యాప్ కంపెనీ దాకా రాదు, దుకాణం ముందే జరుగుతుంది.

భద్రతా గుర్తుల రంగంలో ఇలాంటి తప్పును విడిగా లెక్కపెడతారు. కరెంటు ప్రమాదం, విషం లాంటి హెచ్చరిక గుర్తులకు అమెరికాలో ANSI Z535.3 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం, మాటలు లేకుండా బొమ్మ ఒక్కటే వాడాలంటే పరీక్షలో 85 శాతం మందికి దాని అర్థం సరిగ్గా తెలియాలి. ఆ అంకె కంటే నాకు దాని పక్కనున్న రెండో షరతు నచ్చుతుంది. ఉద్దేశానికి పూర్తి వ్యతిరేకంగా అర్థం చేసుకున్నవాళ్లు 5 శాతం దాటకూడదు. ‘తెలియదు’ అన్నవాడి కంటే ‘తెలుసు’ అనుకుని ఉల్టా చేసేవాడితోనే ప్రమాదం ఎక్కువ. తెలియనివాడు ఆగి పక్కవాణ్ని అడుగుతాడు. మన మెనూలు ప్రాణాల మీదికి తేవు, నిజమే. కానీ జమ, అరువు లాంటి జంటలు, తీసేయడం, దాచడం లాంటి జంటలు ఉన్నచోట ఈ రెండో షరతును అరువు తెచ్చుకోవడంలో తప్పులేదు.

బొమ్మతో ఉన్న మూల ఇబ్బంది ఇదే. బొమ్మ వస్తువును చూపిస్తుంది. మెనూ బటన్ చెప్పాల్సింది పని. చెత్తబుట్టను చూస్తే ‘తీసేయి’ అని ఎందుకు తడుతుందంటే, ఆ వస్తువుతో చేసే పని ఒక్కటే కాబట్టి. అది కూడా అన్నిసార్లూ పనిచేయలేదు. పాత మ్యాకింటాష్‌లలో ఫ్లాపీ బయటికి తీయాలంటే దాని బొమ్మను చెత్తబుట్టలోకి లాగాలి. ఫైళ్లన్నీ పోతాయేమోనని జనం భయపడ్డారు. తర్వాత మ్యాక్ ఓఎస్ ఎక్స్‌లో డిస్కును లాగడం మొదలుపెట్టగానే ఆ బుట్ట బొమ్మ ఎజెక్ట్ గుర్తుగా మారేలా చేశారు.

ఇంతవరకు చెప్పింది ఏ ఐకాన్‌కైనా వర్తిస్తుంది. ఎమోజీతో అదనంగా ఇంకో తలనొప్పి ఉంది. మీ డిజైనర్ గీసిన ఐకాన్ మీ చేతిలో ఉంటుంది. ఎమోజీ మీది కాదు. అది ‘అ’, ‘ఆ’ లాగా యూనికోడ్‌లో ఒక అక్షరం. మీరు పంపేది ఒక నంబరు మాత్రమే, బొమ్మ గీసేది ఆ ఫోన్‌లోని ఫాంటు. శామ్‌సంగ్‌లో ఒకలా, ఐఫోన్‌లో ఒకలా, విండోస్‌లో ఇంకోలా ఉంటుంది. రేపు వాళ్లు బొమ్మ మారిస్తే మీ మెనూ కూడా మారుతుంది. 2016లో ఆపిల్ తుపాకీ ఎమోజీని నీళ్ల తుపాకీగా మార్చింది. మిగతా కంపెనీలు చాలావరకు 2018లో మార్చాయి. ఆ మధ్యకాలంలో ఒకరు సరదాగా పంపిన నీళ్ల తుపాకీ అవతలివాళ్ల ఫోన్‌లో నిజం తుపాకీగా కనిపించేది.

మన ఖాతా యాప్‌కే వద్దాం. దాన్నే బ్రౌజర్‌లో, కంప్యూటర్ మీద తెరిచి చూపిస్తాను. ఇల్లు, పుస్తకం, సంచి, చార్టు రంగుల్లో ఉన్నాయి. గేర్ మాత్రం నల్ల గీతలతో, పక్క ఊరి నుంచి వచ్చినట్టు ఉంది. ఎందుకు? గేర్ గుర్తు U+2699 ఎమోజీల కంటే ముందే యూనికోడ్‌లో ఉన్న పాత గుర్తు. దాన్ని ఒంటరిగా రాస్తే మామూలు అక్షరంలా నలుపు తెలుపుల్లో చూపించాలన్నది నియమం. రంగుల బొమ్మ కావాలంటే దాని వెనక U+FE0F అనే కనిపించని అక్షరం ఉండాలి. కాపీ, పేస్టు చేసేటప్పుడో, అనువాదాల ఫైలు శుభ్రం చేసేటప్పుడో అది రాలిపోతుంది. కంటికి కనబడదు కాబట్టి ఎవరూ గమనించరు. చెత్తబుట్ట 🗑️, పెన్సిల్ ✏️ కూడా ఈ కోవలోవే. మెనూలో ఒకటి రెండు బొమ్మలే రంగు లేకుండా కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఇంకో సంగతి. డబ్బు సంచి అర్థం కావట్లేదని ఎవరో నాణెం ఎమోజీ 🪙 పెట్టారనుకోండి. అది 2020లో వచ్చిన సెట్‌లోది. ఫాంటు పాతదైన ఫోన్‌లో దాని చోట ఖాళీ డబ్బా కనిపిస్తుంది. దుకాణాల్లో వాడే ఫోన్ చాలాసార్లు ఇంట్లో పిల్లలు వాడి పక్కన పెట్టిన పాత ఫోనే. రంగు కూడా మన చేతిలో ఉండదు. మామూలు ఐకాన్ అయితే డార్క్ థీమ్‌లో తెల్లగా, పనిచేయని బటన్ అయితే బూడిద రంగులో మార్చుకుంటాం. రంగుల ఎమోజీకి సీఎస్ఎస్‌లో color మార్చినా ఏమీ కాదు. ✔️ లాంటివాటిని నల్లగా గీసే ఫోన్లలో, నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద అవి కనిపించకుండానే పోతాయి.

చూపు లేనివాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. టాక్‌బ్యాక్, వాయిస్‌ఓవర్ లాంటి స్క్రీన్ రీడర్లు ఎమోజీ మీదికి రాగానే దాని పేరు చదువుతాయి, మీ మనసులో ఉన్న పని చదవవు. 📤 దగ్గర ఇంగ్లిష్‌లో ‘ఔట్‌బాక్స్ ట్రే, బటన్’ అని వినిపిస్తుంది. దాన్ని విని ‘అరువు రాయాలి’ అని ఎవరు ఊహిస్తారు? మాట పక్కనే పెట్టి, బొమ్మను చదవొద్దని చెప్పడం ఒక్క లైను పని:

```html
<button>
  <span aria-hidden="true">🗑️</span> తీసేయి
</button>
```

ఇక్కడ బొమ్మ కనిపిస్తుంది, వినిపించేది ‘తీసేయి, బటన్’. కొందరు మాటను తెర మీద చూపించకుండా aria-label లో మాత్రమే పెడతారు. అప్పుడు చూపు లేనివాళ్లకు అర్థమవుతుంది, చూపున్నవాళ్లకు అర్థం కాదు. అదో చిత్రమైన పరిస్థితి.

ఇప్పుడు మీలో చాలామందికి ఒక ప్రశ్న వచ్చి ఉంటుంది. చదువురానివాళ్ల మాటేమిటి, వాళ్లకు బొమ్మలే కదా దిక్కు? ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను. మన ఎన్నికల గుర్తులు పుట్టిందే అందుకు, 1951–52 మొదటి సార్వత్రిక ఎన్నికల నుంచీ ఉన్నాయి. కానీ ఈవీఎం మీద ఏముంటుందో గుర్తు తెచ్చుకోండి. అభ్యర్థి పేరు, పక్కన గుర్తు. 2015 నుంచి ఫొటో కూడా. గుర్తు వచ్చిందని పేరు తీసేయలేదు. పైగా ఆ గుర్తు ఏదో ఊరంతా గోడల మీద, మైకుల్లో కొన్ని వారాల పాటు నేర్పిస్తారు. అంత నేర్పినా చిన్న సైజులో పోలికల పేచీ వస్తూనే ఉంది. 2022లో మునుగోడు ఉప ఎన్నిక అప్పుడు రోడ్డు రోలర్ లాంటి గుర్తులు కారును పోలి ఉన్నాయని, ఓటర్లు పొరబడతారని టీఆర్ఎస్ అభ్యంతరం చెప్పింది. ఆ వాదనలో ఎంత నిజముందో తేల్చడం నా పని కాదు. 📤, 📥 పక్కపక్కన పెట్టేవాళ్లు మాత్రం ఆ పేచీని గుర్తుంచుకోవాలి. పెట్టె ఒకటే, ఆకారం ఒకటే, తేడా వేలి గోరులో పదోవంతు ఉండే బాణం తలలో ఉంది.

చదువురానివాళ్ల కోసం నిజంగా పనిచేసినవాళ్లు ఏం చేశారో కూడా చూద్దాం. బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో ఇంద్రాణి మేధి, ఆమె సహచరులు ఇళ్లలో పనిచేసే మహిళల కోసం అక్షరాలు లేని అప్లికేషన్ తయారుచేశారు. పనుల వివరాలు బొమ్మల్లో చూపించాలి. గిన్నెలు తోమడం అన్నదానికి వంటగది సింక్ బొమ్మ పెడితే, దాన్ని పనిగా కాక చోటుగా చదివారు. కుళాయి నుంచి నీళ్లు పడుతున్నట్టు, కెటిల్ నుంచి ఆవిరి వస్తున్నట్టు కదలిక గీతలు చేర్చాక అది పని అని అర్థమైంది. ప్రతి బొమ్మకూ మాట్లాడే సాయం కూడా పెట్టారు. అంటే వాళ్లు బొమ్మను గీసి, జనానికి చూపించి, మళ్లీ గీశారు. ఎమోజీతో ఆ అవకాశమే లేదు. ఉన్నదాన్ని ఏరుకోవడమే. అందుకే ‘చదువురానివాళ్ల కోసం ఎమోజీ పెట్టాం’ అంటే నేను నమ్మను. వాళ్ల కోసమే అయితే మాట వినిపించే బటన్ ఎక్కడ?

సరే, మీ యాప్‌లో బొమ్మలు జనాన్ని తికమక పెడుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? ‘ఇది ఏం బొమ్మ?’ అని అడగొద్దు. ‘పెట్టె’ అంటారు, సరిగ్గానే చెప్పారనుకుంటాం. ‘దీన్ని నొక్కితే ఏమవుతుంది?’ అని అడగండి, నొక్కకముందే సమాధానం చెప్పించండి. ఇంకా మంచిది, పని చెప్పండి: ‘ఈయన 500 కట్టాడు, రాయండి.’ వేలు ఎటు పోతుందో, ఎక్కడ ఆగుతుందో చూడండి. వేలు ఒక బటన్ మీదికి వెళ్లి, ఆగి, రెండోదాని మీదికి జరిగిందంటే ఇక మీరేమీ అడగక్కర్లేదు.

లాగ్‌లు చూసేవాళ్లకు ఒక జాగ్రత్త. ఎమోజీలు పెట్టాక ఆ బటన్ మీద క్లిక్‌లు పెరిగాయని సంబరపడే రిపోర్టులు వస్తుంటాయి. అదేమిటో తెలుసుకోవడానికి నొక్కినా క్లిక్కే. పేజీ తెరిచి, ఏమీ చేయకుండా రెండు మూడు సెకన్లలో వెనక్కి వచ్చినవాటిని విడగొట్టి చూడండి. మన ఖాతా యాప్‌లో అయితే అంతకంటే స్పష్టమైన జాడ ఒకటి దొరుకుతుంది. ఒక ఎంట్రీ పడుతుంది, నిమిషంలోపే అది డిలీట్ అవుతుంది, వెంటనే అదే కస్టమర్‌కు అదే మొత్తం రెండో బటన్‌తో పడుతుంది. ఈ మూడూ వరసగా ఉన్నాయంటే అది బొమ్మల తారుమారే. డిలీట్ చేయని తప్పులు ఇందులో కనబడవు కాబట్టి అసలు సంఖ్య దీనికంటే ఎక్కువే ఉంటుంది.

మరి చోటు సంగతి ఏం చేశారు? మొదలైందే అక్కడ కదా. జమ, అరువు బటన్లకు చోటు సమస్యే లేదు, తెర సగం సగం పంచుకుంటాయి. ‘అరువు ఇచ్చాను’, ‘డబ్బు వచ్చింది’ అని రాశారు. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ. బాణాలు తీసేశారు. కింది అయిదు బటన్లలో రిపోర్టులు, సెట్టింగ్‌లు రెండూ రోజూ తాకేవి కావు. వాటిని ‘మరిన్ని’ కిందికి, నిలువు జాబితాలోకి మార్చారు. అక్కడ ఎంత పొడుగు మాటకైనా చోటుంటుంది. కింద హోం, ఖాతాలు, బాకీలు, మరిన్ని మిగిలాయి. ఒక్కోదానికి 90 డీపీ వచ్చింది, లైను ఎత్తు పెంచారు, వత్తులు తెగలేదు. ఫోన్‌లో అక్షరాల సైజు పెద్దది పెట్టుకున్నవాళ్లకు రెండు లైన్లు పట్టేలా వదిలారు. ఇల్లు, పుస్తకం బొమ్మలు మాటల పైన ఉన్నాయి, కానీ ఎమోజీలుగా కాదు, తామే గీసుకున్న ఒకే రంగు ఐకాన్లుగా.

ప్రశ్నలు ఉంటే అడగండి.

ప్రశ్న: సర్, బొమ్మ మాత్రమే ఉన్నా కొన్నాళ్లు వాడితే అలవాటవుతుంది కదా? మొదట్లో ఇబ్బందే, తర్వాత వేగం పెరుగుతుందంటారు.

రోజుకు పదిసార్లు నొక్కే బటన్ విషయంలో మీరన్నది నిజం. అప్పుడు బొమ్మను కూడా చూడరు, చోటును బట్టి వేలు వెళ్లిపోతుంది. ఇబ్బంది నెలకోసారి నొక్కేవాటితో. బ్యాకప్, భాష మార్చడం, ఖాతా మూసేయడం. వాటికి అలవాటయ్యేంత వాడకం ఉండదు, ప్రతిసారీ కొత్తే. మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్ టూల్‌బార్ కథ దీనికి మంచి ఉదాహరణ. తొలి రోజుల్లో మామూలు వాడకందార్లు ఆ ఐకాన్ల జోలికి పోకుండా మెనూల్లోంచే పనులు చేసుకునేవారు. ఐకాన్లు మార్చి గీశారు, చోట్లు మార్చారు, ఫలితం లేదు. ముఖ్యమైన బటన్ల పక్కన మాట రాశాక వాడకం మొదలైంది. ఆ సంగతి అక్కడ పనిచేసిన జెన్సన్ హారిస్ బయటికి చెప్పారు. అది ఆఫీసుల్లో రోజంతా తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ అని గమనించండి.

ప్రశ్న: మా యాప్‌లో ఇప్పటికే అన్నీ ఎమోజీలే ఉన్నాయి. ఒక్కసారిగా తీసేస్తే పాత వాడకందార్లు గందరగోళపడరా?

పడతారు. అందుకే చోటు మార్చకండి. మొదటి అప్‌డేట్‌లో ఎమోజీని అక్కడే ఉంచి కింద మాట చేర్చండి, అంతే. అలవాటుపడ్డవాళ్ల వేలు ఎప్పటిలాగే అక్కడికే వెళ్తుంది, కొత్తవాళ్లు మాట చదువుతారు. ఉల్టా అర్థం వచ్చే జంటలకు మాత్రం ఆ సహనం అక్కర్లేదు, వాటికి మాట ఈ వారమే పెట్టండి. తర్వాతి అప్‌డేట్‌లో ఎమోజీ చోట అదే ఆకారంలో మీ సొంత ఐకాన్ పెట్టుకోవచ్చు. ఇల్లు స్థానంలో ఇల్లే రావాలి. బటన్లు తగ్గించడం, వరస మార్చడం అన్నిటికంటే ఆఖరున చేయండి. అది చేసేముందు, ఇందాక చెప్పిన ‘ఎంట్రీ, డిలీట్, మళ్లీ ఎంట్రీ’ వరసలు ఎన్ని పడుతున్నాయో ఓ నెల లెక్క తీసి పెట్టుకోండి. మార్చాక మళ్లీ అదే లెక్క తీస్తే, తగ్గాయో లేదో మీ మేనేజర్‌కు మీరు వేరే చెప్పాల్సిన పని ఉండదు.